రాత్రి తొమ్మిదికి నిద్రపోయే ఫోన్: కడప షాపుకొచ్చిన ఒక కేసు

కడప ఏడు రోడ్ల దగ్గర నాది చిన్న మొబైల్ సర్వీస్ షాపు. డిస్‌ప్లేలు, చార్జింగ్ పిన్నులు, బ్యాటరీలు రోజూ ఉండే పనే. జూలైలో వచ్చిన ఈ కేసులో స్క్రూ డ్రైవర్ ముట్టుకునే అవసరమే రాలేదు. అయినా పూర్తయ్యేసరికి రెండు రోజులు పట్టింది. అందులో ఒక తప్పు నాది, ఇంకో తప్పు కువైట్‌లో ఉన్న కొడుకుది.

సిద్దవటం వైపు పల్లె నుంచి ఒక అవ్వ బస్సులో వచ్చింది. చేతిసంచిలో నుంచి కర్చీఫులో చుట్టిన ఆండ్రాయిడ్ ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

"రాత్రి తొమ్మిదైతే సాలు నాయనా, ఈ ఫోను నిద్రపోతాది. మళ్ళా తెల్లారి ఆరుకే లేస్తాది. పగులు కూడా ఊరికే ఉండదు. మా ఇంటాయన ఫోనుకు పోతాది, ప్రొద్దుటూర్లో కోడలి తమ్మునికి పోతాది, ఇంకెవరికీ పోదు. ఎవురన్నా చేస్తే మాత్రం వస్తాది."

అంతకు ముందు వారం తాతను రిమ్స్‌కు తీసుకుపోవాల్సి వచ్చి, తెల్లవారుజామున నాలుగింటికి ఆటో అబ్బాయికి ఫోన్ చేయబోతే స్క్రీన్ తెరుచుకోలేదట. తాత కీప్యాడ్ ఫోన్‌లో రీచార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ మాత్రమే ఉంది. ఆరు దాకా కూర్చుని, ఫోన్ లేచాక చేస్తే అప్పుడూ కాల్ పోలేదు. చివరికి పక్కింటాయన ఫోన్‌తో పని జరిగింది. ఊళ్లో ఒక షాపులో చూపిస్తే "రీసెట్ కొడితే అన్నీ పోతాయి, ఐదు వందలు" అన్నారట. ఫోన్‌లో మనవరాలి ఫొటోలు ఉన్నాయని అవ్వ ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోకపోవడమే ఈ ఫోన్‌ను కాపాడింది. ఎలాగో కింద చెప్తాను.

అవ్వ చెప్పిన మూడు మాటల్లోనే సగం జబ్బు బయటపడింది. టైము చూసుకుని లాక్ అయ్యి, టైము చూసుకుని తెరుచుకునేది చెడిపోయిన ఫోన్ కాదు, ఎవరో షెడ్యూల్ పెట్టిన ఫోన్. సెట్టింగ్స్‌లో Digital Wellbeing & parental controls తెరిచాను. ఫోన్‌లో ఉన్నది మనవరాలి గూగుల్ అకౌంట్, అది తల్లిదండ్రుల పర్యవేక్షణలో ఉంది. అంటే Family Link, పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు తమ ఫోన్ నుంచి కట్టడి చేసే గూగుల్ యాప్.

కథ అడిగితే ఇలా చెప్పింది. అమ్మానాన్నలిద్దరూ కువైట్‌లో. పాపకు ఇప్పుడు పద్నాలుగేళ్లు, హాస్టల్లో చదువుతుంది. సెలవుల్లో వాడుకోవడానికి నాన్న ఈ ఫోన్ కొనిచ్చి, తన ఫోన్‌లో Family Link పెట్టుకుని, అక్కడి నుంచే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా లాక్, వాట్సాప్‌కు రోజుకు గంట, యూట్యూబ్ బంద్ అని పెట్టాడు. ఇప్పుడు హాస్టల్లో ఫోన్‌లు అసలే రానివ్వడం లేదు. బీరువాలో ఊరికే పడి ఉండటమెందుకని అవ్వ తీసి వాడుకుంటోంది. నిబంధనలు పెట్టింది మనవరాలికి, అనుభవిస్తున్నది అవ్వ. నా షాపుకొచ్చే ఇలాంటి ఫోన్లలో సగానికి పైగా ఇట్లాంటివే. ఫోన్ చేయి మారుతుంది, అకౌంట్ మారదు.

ఇక్కడే నేను తొందరపడ్డాను. రాత్రి లాక్, యాప్‌ల లిమిట్ అన్నీ Family Link పనే కాబట్టి కాల్స్ పోకపోవడం కూడా దాని పనే అనుకున్నాను. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. తల్లిదండ్రులు ఒప్పుకున్న కాంటాక్ట్స్‌కే కాల్స్, మెసేజ్‌లు పోయేలా కట్టడి చేసే సదుపాయం 2025లో దానిలోకి వచ్చింది. ఇద్దరికే కాల్ పోతోందంటే ఆ ఇద్దరినే నాన్న ఒప్పుకుని ఉంటాడు అని లెక్క వేసేశాను. అవ్వను కూర్చోమని చెప్పి, కొడుకు దొరికే దాకా ఆగాను.

నాకు షాపులో ఒక పద్ధతి ఉంది. పిల్లల లాక్ ఏదైనా సరే, పెట్టినవాళ్లు వీడియో కాల్లో కనబడితేనే ముట్టుకుంటాను. ఇంటర్ పిల్లలు వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు, "అన్నా, మా నాయనే తీయించుకోమన్నాడు" అంటూ. నాయనకు ఫోన్ కలపమంటే రోడ్డు దాటి వెళ్లిపోతారు. ఈ అవ్వ విషయంలో అనుమానం లేకపోయినా పద్ధతి పద్ధతే. పైగా Family Link లాక్‌ను ఎత్తాల్సింది నా చేతిలో ఉన్న ఫోన్ నుంచి కాదు, కొడుకు చేతిలో ఉన్న ఫోన్ నుంచి. కాబట్టి ఆయన లేకుండా నేను చేయగలిగేది కూడా ఏం లేదు.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా అక్కడ పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో బయట పని చేయించకూడదు. కొడుకు బిల్డింగ్ పనిలో ఉన్నాడు కాబట్టి మన టైము రెండింటికి ఆయన గదిలో ఉంటాడని అవ్వే చెప్పింది. సరిగ్గా రెండుంబావుకు వాట్సాప్‌లో దొరికాడు. కాల్ నా ఫోన్ నుంచే చేశాం, ఎందుకంటే అవ్వ ఫోన్‌లో వాట్సాప్‌కు ఆ రోజు ఇచ్చిన గంట అప్పటికే అయిపోయి ఐకాన్ బూడిదరంగుకు తిరిగింది.

"అన్నా, అది పాపకు పెట్టింది. అమ్మ వాడతాందని నాకు తట్టలేదు. ఏం నొక్కాలో చెప్పన్నా."

ఆయన ఫోన్‌లో Family Link తెరిచి పాప పేరు మీద నొక్కమన్నాను. వెర్షన్‌ను బట్టి ఈ సెట్టింగులు Controls కింద ఉంటాయి, కొత్త వాటిలో Screen time అని విడిగా ఉంటాయి. మొదట Downtime, అదే రాత్రి లాక్. ఆపేయమన్నాను. తర్వాత యాప్‌ల వరసలో వాట్సాప్‌కు ఉన్న గంట లిమిట్ తీసేశాడు. యూట్యూబ్‌ను మాత్రం వదలలేదు, "అమ్మకు ఎందుకులేన్నా" అన్నాడు. అది వాళ్ల ఇంటి విషయం, నేను మాట్లాడలేదు. ఫోన్ యాప్‌ను Always allowed లో పెట్టించాను. అలా పెడితే ఎప్పుడైనా ఇంకో లాక్ పడినా కాల్స్ యాప్ తెరుచుకుంటుంది. మామూలుగా లాక్ పడినప్పుడు వచ్చే కాల్ ఎత్తవచ్చు, ఎమర్జెన్సీ కాల్ చేయవచ్చు. ఆటో అబ్బాయికి చేయడం మాత్రం కుదరదు. అవ్వకు ఆ రోజు జరిగింది అదే.

ఆయన అక్కడ మార్చాడు, ఇక్కడ ఏమీ మారలేదు. వాట్సాప్ బూడిదరంగులోనే ఉంది. చూస్తే అవ్వ ఫోన్‌లో డేటా ఆఫ్. తల్లిదండ్రుల ఫోన్‌లో చేసిన మార్పు పిల్లల ఫోన్‌కు ఇంటర్నెట్ మీదే రావాలి. నా హాట్‌స్పాట్‌కు కలిపిన కాసేపటికి ఐకాన్‌కు రంగు వచ్చింది. నెట్ లేని చోట లాక్ పడితే దానికి ఇంకో దారి ఉంది. Family Link లో తల్లిదండ్రులకు ఒక పేరెంట్ యాక్సెస్ కోడ్ కనిపిస్తుంది. దాన్ని ఫోన్‌లో చెప్తే పిల్లల ఫోన్ లాక్ స్క్రీన్ మీద కొట్టి తెరవవచ్చు, నెట్ అక్కర్లేదు. ఆ కోడ్ కాసేపటికి మారిపోతుంది కాబట్టి రాసిపెట్టుకుని లాభం లేదు, అప్పటికప్పుడు అడగాలి.

ఇక కాల్స్. కాంటాక్ట్స్ కట్టడి ఎక్కడుందో చూడమన్నాను. అటూ ఇటూ వెతికి, "అట్లాంటిది నేను పెట్టలేదన్నా, ఆఫ్‌లోనే ఉంది" అన్నాడు. స్క్రీన్ చూపించమన్నాను, నిజమే. అవ్వ ఫోన్ నుంచి నా నంబర్‌కు కొట్టాను. వెంటనే కట్ అయింది. రింగ్ కూడా లేదు.

గంటన్నర నేను తప్పు చోట వెతికాను. మొదటే చేయాల్సిన పరీక్ష అప్పుడు చేశాను. అవ్వ సిమ్ తీసి నా దగ్గరున్న పాత కీప్యాడ్ ఫోన్‌లో వేశాను, నా సిమ్ అవ్వ ఫోన్‌లో వేశాను. నా సిమ్‌తో అవ్వ ఫోన్ నుంచి కాల్ పోయింది. అవ్వ సిమ్‌తో కీప్యాడ్ ఫోన్ నుంచి పోలేదు. రెండు నిమిషాల పని. కట్టడి ఫోన్‌లో లేదు, సిమ్‌లో ఉంది. దానికీ Family Link కీ సంబంధమే లేదు.

సిమ్ తిరిగి అవ్వ ఫోన్‌లో వేసి ఈసారి కాల్ కట్ అయినప్పుడు స్క్రీన్ మీద వచ్చే చిన్న మెసేజ్‌ను జాగ్రత్తగా చూశాను. అందులో FDN అన్న మూడక్షరాలు ఉన్నాయి. అది రెండు సెకన్లు కూడా నిలవదు, అవ్వ దాన్ని చదివే ప్రశ్నే లేదు, నేనూ మొదటిసారి పట్టించుకోలేదు. ఎఫ్‌డీఎన్ అంటే ఫిక్స్‌డ్ డయలింగ్ నంబర్స్. స్మార్ట్‌ఫోన్లు రాకముందు నుంచీ సిమ్‌లో ఉన్న సదుపాయం. ఆన్ చేస్తే సిమ్‌లో రాసిపెట్టిన నంబర్లకు తప్ప ఇంకెవరికీ కాల్ పోదు. వచ్చే కాల్స్‌ను ఆపదు. వాట్సాప్ కాల్ నెట్ మీద పోతుంది కాబట్టి దానికి ఇది అడ్డు కాదు. అవ్వ చెప్పిన లక్షణాలు ఇంత కచ్చితంగా సరిపోతుంటే నేను Family Link పట్టుకుని వేలాడాను. 112 లాంటి ఎమర్జెన్సీ నంబర్‌కు ఎఫ్‌డీఎన్ ఉన్నా పోతుంది. అలాగని పరీక్షకు దాన్ని కొట్టకండి, అవతల నిజంగా ఎత్తుతారు.

ఈ సిమ్ ఎక్కడిదని అడిగాను. పాప మొదట హాస్టల్లో చేరినప్పుడు కీప్యాడ్ ఫోన్‌లు రానిచ్చేవారట. అప్పుడు అవ్వ పేరు మీద తీసుకున్న సిమ్ ఇది. ప్రొద్దుటూరు మేనమామ ఏదో షాపులో చేయించి ఇచ్చాడు, పాప తాతకూ మామకూ తప్ప ఎవరికీ చేయకుండా. కీప్యాడ్ ఫోన్ పాడైంది, సిమ్‌లో రీచార్జ్ ఉంది, అవ్వ దాన్ని ఈ ఫోన్‌లో వేసుకుంది. రెండేళ్ల కింద మామ పెట్టిన కట్టడి, నిరుడు నాన్న పెట్టిన కట్టడి, రెండూ ఒకే ఫోన్‌లో కలిశాయి. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియదు.

ఎఫ్‌డీఎన్ ఆపడానికి ఫోన్ యాప్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో కాలింగ్ అకౌంట్స్‌కు, అక్కడి నుంచి ఆ సిమ్‌కు పోతే Fixed Dialling Numbers కనిపిస్తుంది. కంపెనీని బట్టి దారి కొంచెం మారుతుంది. ఆపమంటే PIN2 అడుగుతుంది. ఇది ఫోన్ లాక్ నంబర్ కాదు, సిమ్ ఆన్ చేసేటప్పుడు అడిగే పిన్ కూడా కాదు, విడిగా ఇంకోటి. మేనమామకు ఫోన్ చేశాం.

"గుర్తు లేదన్నా. 1234 ఏమో. కాకపోతే 0000 కొట్టి చూడు."

1234 కొట్టాను, తప్పు. ఇంకా రెండు అవకాశాలున్నాయని చూపించింది. 0000 కొట్టలేదు. PIN2 మూడుసార్లు తప్పితే అది బ్లాక్ అవుతుంది, అప్పుడు ఆపరేటర్ ఇచ్చే PUK2 అనే అన్‌లాక్ కోడ్ తప్ప దారి లేదు. PUK2 కూడా పదిసార్లు తప్పితే ఆ సిమ్‌లో ఎఫ్‌డీఎన్‌ను ఇక ఎవరూ మార్చలేరు, సిమ్ మార్చుకోవాల్సిందే. ఊహల మీద అవకాశాలు ఖర్చు పెట్టడం కంటే ఆపరేటర్ దగ్గర PUK2 తీసుకుంటే మేలు. సిమ్ అవ్వ పేరు మీదే ఉండటం అదృష్టం. మామ పేరు మీద ఉండి ఉంటే ఆయన ప్రొద్దుటూరు నుంచి రావాలి.

కస్టమర్ కేర్‌కు అవ్వ చేతే మాట్లాడించాను. పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లో ఉన్న ఊరు అడిగారు. పుట్టిన తేదీ దగ్గర అవ్వ ఆగిపోయింది, "ఎవురికి తెలుసు నాయనా, ఆధార్‌లో ఏం రాసినారో అదే" అంది. కార్డు చూసి నేను పక్క నుంచి అందించాను. ఎనిమిది అంకెలు చెప్పారు. రాసుకున్నాక, ఇది PUK ఆ, PUK2 ఆ అని అడిగాను. "PUK సార్" అన్నారు. మాకు కావలసింది రెండోది. రెండూ ఎనిమిది అంకెలే, చూస్తే తేడా తెలియదు. అడగకుండా కొట్టి ఉంటే పదిలో ఒకటి పోయేది. మళ్ళీ హోల్డ్‌లో పెట్టి, ఈసారి సరైనది ఇచ్చారు.

PUK2 తో కొత్త PIN2 పెట్టుకోవడానికి డయల్ ప్యాడ్ మీద కొట్టేది ఈ వరసలో ఉంటుంది. ఇందులో 12345678 చోట ఆపరేటర్ ఇచ్చిన PUK2, 4826 చోట మీరు పెట్టుకునే కొత్త PIN2 రెండుసార్లు రావాలి.

```
**052*12345678*4826*4826#
```

ముందు 05 తర్వాత ఉన్న ఆ 2 చాలా ముఖ్యం. అది లేకుండా 05 అని కొడితే మొదటి పిన్‌కు సంబంధించిన కోడ్ అవుతుంది. ఒక్కో అంకె అవ్వకు వినిపించేలా చదువుతూ కొట్టాను, # నొక్కగానే పిన్ మారిందని వచ్చింది. మళ్ళీ ఎఫ్‌డీఎన్ మెనూకు పోయి, కొత్త PIN2 ఇచ్చి ఆపేశాను. నా నంబర్‌కు కొడితే రింగ్ అయింది. అవ్వ నమ్మకుండా ఆటో అబ్బాయికి తానే కొట్టింది. అతను ఎత్తి "యాడికి పోవాల అవ్వా" అంటుంటే ఊరికే చేశానని పెట్టేసింది. కొత్త PIN2 ను చీటీ మీద రాసి, దాని ఎదురుగా సిమ్ నంబర్ వేసి, రేషన్ కార్డు కవర్లో పెట్టించాను.

ఇప్పుడు ఊళ్లో షాపు వాళ్లు చెప్పిన రీసెట్ మాట. రీసెట్ కొట్టి ఉంటే ఏమయ్యేదంటే, ఫొటోలు పోయేవి, సిమ్‌లో ఉన్న ఎఫ్‌డీఎన్ అలాగే ఉండేది. ఫోన్ మెమరీ తుడిస్తే సిమ్ తుడుచుకోదు కదా. అంతకన్నా పెద్ద తంటా ఇంకోటి. బటన్లు పట్టుకుని రికవరీ నుంచి రీసెట్ చేసిన ఆండ్రాయిడ్ ఫోన్ తెరుచుకోగానే అంతకు ముందు ఉన్న గూగుల్ అకౌంట్‌ను అడుగుతుంది. అది పాప అకౌంట్. పాస్‌వర్డ్ హాస్టల్లో ఉన్న పాపకు తెలియాలి, పర్యవేక్షణలో ఉన్న అకౌంట్ కాబట్టి లోపలికి రానివ్వడానికి నాన్న అనుమతి కూడా కావాలి. అవి దొరికే దాకా ఫోన్ అట్లాగే ఆగిపోతుంది. అలా ఆగిపోయిన ఫోన్లు నా డ్రాయర్‌లో ఇప్పటికీ రెండున్నాయి, తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు.

పాప అకౌంట్‌ను ఈ ఫోన్ నుంచి పూర్తిగా తీసేసి అవ్వకు సొంత అకౌంట్ పెట్టడమే అసలైన పరిష్కారమని కొడుకుకు చెప్పాను. తీసేయడానికి ఈ ఫోన్ మీద నాన్న పాస్‌వర్డ్ కొట్టాలి. "నీకు చెప్తానన్నా, కొట్టేసెయ్" అన్నాడు. వద్దన్నాను. ఆ పాస్‌వర్డ్‌తో ఆయన మెయిల్, ఫొటోలు, బ్యాంకు మెసేజ్‌లు ఎక్కడెక్కడికి దారి తీస్తాయో ఆయనకే తెలియదు, షాపు వాడికి చెప్పకూడని వాటిలో అది మొదటిది. అసలు పర్యవేక్షణనే ఆపేద్దామా అని కూడా అడిగాడు. Family Link లో Stop supervision అని ఉంటుంది, పదమూడు దాటిన పిల్లలకు తల్లిదండ్రులు దాన్ని వాడవచ్చు. అంతకంటే చిన్న పిల్లలకు ఆ వెసులుబాటు లేదు, అకౌంట్ తీసేయడమే. కానీ అది ఆపితే ఈ ఒక్క ఫోన్‌కు కాదు, పాప ఆ అకౌంట్‌తో ఎక్కడ లాగిన్ అయినా పర్యవేక్షణ పోతుంది. పాప సెలవుల్లో మామ ఇంట్లో ట్యాబ్ వాడుతుందట. ఆయన ఆలోచించి, సెలవు మీద వచ్చినప్పుడు తానే పాస్‌వర్డ్ కొట్టి ఈ ఫోన్ నుంచి అకౌంట్ తీసేస్తానన్నాడు. అప్పటిదాకా లిమిట్లు లేకుండా ఉంటే చాలు.

అవ్వ దగ్గర వంద తీసుకున్నాను. కేసు అయిపోయిందనుకున్నాను.

మరుసటి రోజు రాత్రి తొమ్మిదింబావుకు ప్రొద్దుటూరు మామ నుంచి ఫోన్. "అన్నా, మళ్ళా పడుకునిందంట." అవ్వ తన ఫోన్ నుంచే ఆయనకు చెప్పిందట. ఫోన్ యాప్ తెరుచుకుంటోంది, అది Always allowed లో ఉంది కాబట్టి. మిగతావన్నీ మూత.

కువైట్‌కు చేశాను. అక్కడ ఆరున్నర దాటింది, గదికి వచ్చి ఉన్నాడు. Downtime తెరిచి స్క్రీన్ చూపించమంటే అసలు సంగతి కనబడింది. నిన్న ఆయన ఆపింది ఆ ఒక్క రోజుకే. దాని కింద వారం రోజుల షెడ్యూల్ ఆదివారం నుంచి శనివారం దాకా చెక్కు చెదరకుండా ఉంది. Family Link లో ఈ రోజుకు మాత్రం మార్చడం వేరు, వారపు షెడ్యూల్ మార్చడం వేరు. తొందరలో ఉన్న నాన్న వేలు మొదట కనబడిన దాని మీదే పడుతుంది. నేను వీడియోలో చూస్తూనే ఉన్నాను, నాకూ తట్టలేదు. ఈసారి షెడ్యూల్‌నే ఆఫ్ చేయించాను. రోజువారీ మొత్తం టైము లిమిట్ కూడా ఆదివారానికి రెండు గంటలని మిగిలి ఉంటే అదీ తీయించాను.

రెండు వారాలకు అవ్వ తాతకు మందులు తీసుకోను వచ్చి షాపు ముందు ఆగింది. ఫోన్ ఎలా ఉందని అడిగితే కర్చీఫు విప్పి చూపించింది. అంతా బాగుంది, ఒక్క ఫిర్యాదు తప్ప.

"యూట్యూబు రాదంటాడు నా కొడుకు. నాకెందుకంట. అది ఎట్ట తీయాల్నో నువ్వు చెప్పు నాయనా."

కొడుకుకు వీడియో కాల్ కలిపాను.